ఒకే ఫొటోలకు మూడు లెక్కలు: ఫోన్‌లో 38, వెబ్‌లో 61, బిల్లు పేజీలో 84 జీబీ

మల్లెపందిరి: ఫోన్ యాప్‌లో చూస్తే నా ఫొటోలు 38 జీబీ. అదే ఖాతాతో వెబ్‌సైట్ తెరిస్తే 61. డబ్బు కట్టే పేజీలో 84. ఫొటోలు అవే, ఖాతా ఒక్కటే. 100 జీబీ ప్లాన్ నిండిపోతోంది, పై ప్లాన్‌కి మారమని ఊరికే మెసేజ్‌లు వస్తున్నాయి. వీటిలో ఏది నిజం?

ఒంగోలుగిత్త: సింపుల్ అండీ. బైట్లను జీబీలుగా మార్చేటప్పుడు ఒకచోట ప్రతి మెట్టుకీ 1000తో భాగిస్తారు, ఇంకోచోట 1024తో. తేడా అక్కడిదే.

పాతబైట్: గిత్త గారూ, ఆ తేడా ఉంది. కానీ జీబీల దగ్గర అది 7 శాతం పైచిలుకే. 61ని 1024 లెక్క నుంచి 1000 లెక్కలోకి మారిస్తే 65న్నర వస్తుంది. 84 ఎలా వస్తుంది? మల్లెపందిరి గారూ, ఆ 38 ఏ స్క్రీన్‌లో చూశారు?

మల్లెపందిరి: ఈ ఫోన్‌లో ఉన్న ఫొటోలు, వీడియోలు అని చూపించే చోట.

పాతబైట్: అయితే అది ఫోన్ మెమరీ లెక్క, మీ ఖాతా లెక్క కాదు. ఫోన్ నిండినప్పుడు ‘ఫ్రీ అప్ స్పేస్’ లాంటిది నొక్కితే, బ్యాకప్ అయిన ఒరిజినల్స్ ఫోన్ నుంచి పోయి సర్వర్‌లోనే ఉంటాయి. యాప్‌లో బొమ్మ మాత్రం మామూలుగానే కనిపిస్తుంది కాబట్టి అన్నీ ఫోన్‌లోనే ఉన్నాయనుకుంటాం. దీనికి తిరగబడిన కేసు వాట్సాప్ ఫోల్డర్. దానికి బ్యాకప్ ఆన్ చేయకపోతే ఆ ఫొటోలు ఫోన్‌లోనే ఉంటాయి, వెబ్‌లో ఉండవు. అందుకని 38లోని ఫొటోలన్నీ 61లో ఉన్నాయని కూడా అనుకోకండి. చూడాలంటే నెట్ ఆపేసి పాత వీడియో ఒకటి ప్లే చేయండి. ఆడకపోతే అది ఫోన్‌లో లేనట్టే.

క్లౌడుమబ్బు: నాది ఇంకో బాధ. నా ఖాతాలో ఫొటోలకు చూపించేది తక్కువ, మొత్తం డౌన్‌లోడ్ చేస్తే దాదాపు రెట్టింపు వచ్చింది. దీనికేమంటారు?

పాతబైట్: గూగుల్ ఫొటోస్ అయితే దానికి కారణం ఉంది. 2021 జూన్ 1కి ముందు ‘హై క్వాలిటీ’లో ఎక్కించినవి కోటాలో లెక్కించరు. అవి ఖాతాలో ఉంటాయి, డౌన్‌లోడ్‌లో వస్తాయి, లెక్కలో మాత్రం సున్నా. పైగా మొత్తం డేటా దింపుకునే గూగుల్ టేకవుట్‌తో తీసుకుంటే ఆల్బమ్‌లో పెట్టిన ఫొటో సంవత్సరం ఫోల్డర్‌లో ఒకసారి, ఆల్బమ్ ఫోల్డర్‌లో ఇంకోసారి వస్తుంది. మీ దాంట్లో ఏది ఎంతో ఇక్కడి నుంచి చెప్పలేం.

ఒంగోలుగిత్త: ఎన్ని చెప్పినా 1024 సంగతి తప్పించుకోలేరు. నేను 128 జీబీ ఫోన్ కొంటే కంప్యూటర్‌లో 119 అని చూపించింది. షాపువాడు నా మాట వినిపించుకోనే లేదు. ఇదీ అలాంటి మోసమే.

పాతబైట్: మీ ఫోన్ విషయంలో 1024 లెక్క కరెక్టే. ఇక్కడ 61కీ 84కీ మధ్య 23 తేడా ఉంది, దానికి సమాధానం చెప్పండి. మల్లెపందిరి గారూ, బిల్లు పేజీలో 84 కింద రంగు గీత, విడివిడి అంకెలు ఉంటాయి. అవి రాయండి.

మల్లెపందిరి: ఫొటోలు 61. మెయిల్ 6. ఫైళ్లు 4. కుటుంబ సభ్యులు 13.

పాతబైట్: చూశారా, 61కి 6, 4 కలిపితే 71. దానికి 13 కలిపితే 84. బిల్లు పేజీ మీ ఫొటోలను కొలవడం లేదు, ప్లాన్ మీద పడే మొత్తాన్ని కొలుస్తోంది. మెయిల్‌లో చెత్తబుట్ట, స్పామ్ కూడా అందులోనే. గూగుల్ పద్ధతిలో అయితే కుటుంబంలో ఒక్కొక్కరికి సొంత 15 జీబీ ముందు ఖర్చవుతుంది, అది దాటిందే ప్లాన్ మీద పడుతుంది. అంటే 13 చూపిస్తే, ఒక్కరే వాడుతున్నారనుకుంటే, ఆ మనిషి దగ్గర 28 ఉన్నట్టు.

మల్లెపందిరి: వాడు మా తమ్ముడు! పెళ్లి వీడియోలు రెండు రోజులు దాచుకుంటానని చేరాడు. డబ్బు నాది కదా, ఆ 13లో ఏమున్నాయో నాకెందుకు చూపించరు?

పాతబైట్: ఎంత వాడాడో కనిపిస్తుంది, ఏం దాచాడో కనిపించదు. చూపించకూడదు కూడా. అవి ఆయన సొంత ఫొటోలు.

ఒంగోలుగిత్త: అదేం న్యాయం? బిల్లు కట్టేవాళ్లకి లెక్క చెప్పాల్సిందే. కరెంటు బిల్లులో యూనిట్లు రాయరా?

పాతబైట్: యూనిట్లు ఇక్కడా రాశారు, 13 అని. ఏ గదిలో ఏ బల్బు వెలిగిందో కరెంటువాళ్లూ రాయరు.

క్లౌడుమబ్బు: మేడమ్, ఇది జీబీల గొడవ కాదు, తమ్ముడి గొడవ.

మల్లెపందిరి: అవును, అదే. అడిగితే ‘అక్కా, నీకు 100 ఉంది కదా’ అంటాడు. నన్నేమో పై ప్లాన్ కొనమంటున్నారు. వాణ్ని గ్రూప్‌లోంచి తీసేస్తే వీడియోలు పోతాయా?

పాతబైట్: వెంటనే పోవు. కానీ ఆయన ఖాతా 15 దాటి ఉంటుంది కాబట్టి కొత్తవి ఎక్కవు, మెయిల్స్ రావడం కూడా ఆగిపోవచ్చు. కోటా దాటిన స్థితిలో 2 సంవత్సరాలు ఉండిపోతే గూగుల్ తుడిచేసే అవకాశం ఉంది. ముందు వీడియోలు హార్డ్‌డిస్క్‌లోకి దింపుకోమనండి, తర్వాత తీసేయండి. తీసేసిన మరునిమిషమే 84 తగ్గలేదని కంగారు పడకండి, ఆ పేజీ మారడానికి టైమ్ పడుతుంది.

ఒంగోలుగిత్త: 1024 సంగతికి ఇంకా ఎవరూ సరైన జవాబు చెప్పలేదు.