రెండెకరాల చెలకకు ముందు కుంటా, గట్లా?

కొత్తచెలక: నాది రెండెకరాల ఎర్రచెలక, వానే ఆధారం. పొలం 80 మీటర్ల వెడల్పు, 100 మీటర్ల పొడవు. పైనుంచి కింది దాకా రెండు మీటర్ల వాలుంది. పెద్ద వాన పడితే నీళ్లన్నీ పారిపోతాయి, పది రోజులు వాన లేకపోతే పైరు వాడిపోతుంది. ఈ ఏడాది ఒక్క పనే చేయించగలను. కుంట తవ్వించాలా, వాలుకు అడ్డంగా ఒకే మట్టంలో సాగే కాంటూరు గట్లు వేయించాలా? నేల మీద గడ్డీ చెత్తా పరిచే మల్చింగ్ ఒక్కటే చాలని కొందరంటున్నారు, నిజమేనా?

కుంటపక్షం: కుంటే, ఇంకో ఆలోచన వద్దు తమ్ముడూ. గట్లు వాన పడినప్పుడే పనిచేస్తాయి. పైరు ఎండేది వాన లేనప్పుడు కదా? పది మీటర్ల చదరం, రెండున్నర మీటర్ల లోతు తవ్వించు. బెట్టలో రెండెకరాలకూ ఒక తడి ఇచ్చుకోవచ్చు.

గట్టుమనిషి: బెట్టకు కుంట కావాలన్నది నిజమే అన్నా, లెక్కే తప్పు. చెలకలో అంచులు నిటారుగా తవ్వితే కూలిపోతాయి. మీటరు లోతుకు మీటరు చొప్పున వాలు ఇస్తే అడుగున ఐదు మీటర్ల చదరమే మిగులుతుంది. అప్పుడు కుంట నిండా పట్టేది సుమారు 145 ఘనపు మీటర్లు. ఎకరాకు ఐదు సెంటీమీటర్ల తడికే 200 కావాలి. చెలకలో కుంట నీళ్లు ఇంకిపోతాయి, ఎండకు ఆవిరవుతాయి. చివరికి అర ఎకరం తడిస్తే గొప్ప.

అదే ఒక్క మిల్లీమీటరు వాన పొలంలోనే ఇంకిందంటే ఎకరాకు 4 ఘనపు మీటర్లు దక్కినట్టు. పారిపోయే దాంట్లో 25 మిల్లీమీటర్లు ఆపగలిగితే రెండెకరాల్లో 200 అవుతుంది. మోటారు పెట్టి తోడక్కర్లేదు కూడా. అయితే ఆ పని గట్టు ఒక్కదానివల్ల కాదు. గట్టుకు ఎగువన కొద్ది మేరే నీళ్లు నిలుస్తాయి. రెండు గట్ల మధ్య నేల కూడా తాగాలంటే దుక్కి, విత్తనం సాళ్లు వాలుకు అడ్డంగా పడాలి. వాలు వెంట దున్నే అలవాటు మానకుండా గట్లు వేస్తే సగం డబ్బు వృథా.

రేగడి62: నేను ఒప్పుకోను. మా పొలంలో గట్లు వేయిస్తే ఎగువన నీళ్లు నిలిచి పైరంతా పసుపెక్కింది. కాంటూరు గట్లంటేనే నాకు భయం.

గట్టుమనిషి: మీది నల్లరేగడి అండీ, పేరే చెబుతోంది. అందులో నీళ్లు నిదానంగా ఇంకుతాయి కాబట్టి గట్టును కాస్త వాలుగా వేసి, మిగులు నీటిని గడ్డి పెంచిన కాలువలోకి వదలాలి. ఇక్కడ అడిగింది చెలక గురించి.

కొత్తచెలక: మట్టాన్ని కంటితో చూసి గట్టు వేస్తే సరిపోతుందా? ఎన్ని గట్లు కావాలి?

గట్టుమనిషి: కంటిని నమ్మొద్దు. పారదర్శకమైన గొట్టంలో నీళ్లు నింపి, రెండు చివరలూ గీతలు పెట్టిన రెండు కర్రలకు కట్టండి. రెండు కర్రల దగ్గరా నీరు ఒకే గీత మీద నిలిచిన చోట్ల మేకులు కొట్టుకుంటూ పోండి. మీ వాలుకు 40 మీటర్ల ఎడం చాలు, అంటే రెండు గట్లు. ప్రతి గట్టుకూ ఒక చివర, మిగులు నీళ్లు పొర్లిపోయేలా రాళ్లు పరిచిన మత్తడి ఉండాలి. అది లేకపోతే పెద్ద వానకు గట్టు తనకు నచ్చిన చోట తెగుతుంది, కిందంతా వాగు పడుతుంది. మొదటి వాన తర్వాత వెళ్లి చూడండి. నీళ్లు గట్టు పొడవునా పలచగా నిలిస్తే మట్టం కుదిరినట్టు, ఒక్కచోటే గుమిగూడితే అక్కడ గట్టు పల్లానికి జారినట్టు.

ఆకులమ్మ: మల్చింగ్ గురించి ఎవరూ చెప్పలేదు. అది నేలలో ఉన్న తడిని కాపాడుతుంది కానీ, లేని తడిని తేలేదు. నేల బాగా తడిశాక పరవాలి. పొడినేల మీద మందంగా పరిస్తే చిన్న జల్లు గడ్డిలోనే ఆగిపోతుంది. ఎకరాకు రెండు టన్నుల దాకా చెత్త కావాలి. పశువులకే గడ్డి చాలని ఇంట్లో అంత ఎక్కడిది? అందుకని పొలంలో ఒక చెక్కకే పరిచి చూడు బాబూ. చెదలు ఉంటే మాత్రం మొక్క మొదలుకు ఆనించకు.

కొత్తచెలక: ఇంకొక మాట. పొలంలో ఒక మూల మోకాలి లోతులోనే మొరం తగులుతోంది.

కుంటపక్షం: అదీ సంగతి! పట్టుకునే మట్టే లేనప్పుడు గట్టు ఆపిన నీళ్లు ఎక్కడ దాస్తావు? ఆ మూల పొలానికి అడుగు వైపునే ఉంటే కుంట అక్కడే తవ్వించు. అడుగున ప్లాస్టిక్ షీటు వేస్తే నీళ్లు ఇంకిపోయే బాధ కూడా తప్పుతుంది.

గట్టుమనిషి: మొరం ఒక్క మూలకేనా, పొలమంతానా అన్నది తేలాలి. నాలుగైదు చోట్ల గుంతలు తీసి చూడండి. పొలమంతా అలాగే ఉంటే అన్న మాటకే నేనూ ఓటేస్తాను, షీటు విషయంలో తప్ప. ఇంకిన నీళ్లు కింది బావులకు చేరతాయి, వాటిని ఆపడం నాకిష్టం లేదు.

కుంటపక్షం: బావి పక్కవాడిది, ఎండేది ఇతని పైరు. షీటు వేయాల్సిందే.