ప్లేస్‌మెంట్ పరీక్షలో చివరి నిమిషాల్లో దొరికిన అర్రే బగ్గు: ఈ కథ నమ్మేలా ఉందా?

గోదారిగట్టు (చర్చ ప్రారంభించినవారు)

క్యాంపస్ ప్లేస్‌మెంట్ పరీక్ష నేపథ్యంగా ఒక చిన్న కథ రాశాను. నేను ప్రోగ్రామరును కాను. ఇంజనీరింగు చదువుతున్న మా మేనకోడలిని పక్కన కూర్చోబెట్టుకుని సాంకేతిక వివరాలు సరిచూసుకున్నాను. నమూనా టెస్టులన్నీ నెగ్గిన కోడు దాచిన టెస్టుల్లో రెండింట మాత్రమే తప్పడం నిజంగా జరిగే విషయమేనా అన్నది నా ప్రధాన సందేహం. ఇటువంటి పరీక్షలు రాసినవారు, రాయించినవారు తమ అనుభవాలు చెప్పగలరు.

కథ ఇది:

పరీక్ష ముగియడానికి ఏడు నిమిషాలు ఉంది. హారిక తెరమీద ‘10 టెస్టుల్లో 8 నెగ్గాయి’ అన్న వాక్యం కదలకుండా నిలిచి ఉంది. ఒక దుకాణానికి n రోజుల లాభనష్టాలు ఇచ్చారు. వరుసగా సరిగ్గా k రోజుల మొత్తాల్లో అన్నిటికన్నా పెద్దది ఎంతో చెప్పాలి. కిటికీని ఒక్కో రోజూ ముందుకు జరుపుతూ, కొత్త రోజును కలిపి పాత రోజును తీసివేసే పద్ధతిలో ఆమె రాసింది.

```cpp
int a[100005];
...
long long sum = 0;
for (int i = 0; i < k; i++) sum += a[i];
long long best = sum;
for (int i = k; i <= n; i++) {
    sum += a[i] - a[i - k];
    best = max(best, sum);
}
```

అన్నీ నష్టాలే ఉంటే సున్నా వస్తోందేమోనని ముందు అనుమానించింది, కాని `best` మొదటి కిటికీ మొత్తంతోనే మొదలవుతోంది. తప్పిన టెస్టుల్లో ఏముందో చూపించరు. ఆమె రఫ్ కాగితం మీద మూడే మూడు అంకెలు వేసుకుంది: -4, -2, 5. k విలువ 2. చేత్తో లెక్కిస్తే రెండు మొత్తాలు వస్తాయి, -6 మరియు 3, జవాబు 3. అవే అంకెలను సొంత ఇన్‌పుట్ పెట్టెలో వేసి నడిపితే 5 వచ్చింది.

అయిదు ఎక్కడిది? చివరి రోజు ఒక్కటే అయిదు. రెండు రోజుల కిటికీలో ఒక్క రోజే మిగిలిందంటే, కిటికీ దుకాణం గోడ దాటి బయటికి జరిగిందన్నమాట. అప్పుడు ఆమె చూపు `<=` మీద పడింది. మొదట అర్రేను ఒకటి నుంచి లెక్కిస్తూ రాసి, మధ్యలో మనసు మార్చుకుని సున్నాకు మార్చినప్పుడు, లూపు మొదలు మార్చింది కాని చివర మార్చలేదు. సమాన చిహ్నాన్ని చెరిపింది. కంపైల్ అవుతున్నంతసేపూ ఇన్విజిలేటరు బల్లల మధ్య నడుస్తూ రఫ్ కాగితాలు సేకరించడం మొదలుపెట్టాడు.

(ముగింపు ఇంకా నిర్ణయించలేదు.)

---

మూడో సంవత్సరం

కథ బాగుంది కాని, ఈ ప్రశ్నకు కిటికీ పద్ధతి ఎందుకు? కదానే పద్ధతిలో ఒక్క లూపుతో గరిష్ఠ మొత్తం వస్తుంది కదా. హారిక అదే రాసి ఉంటే ఈ బగ్గే వచ్చేది కాదు.

గోదారిగట్టు

మా మేనకోడలు చెప్పిన ప్రకారం, ప్రశ్న ‘సరిగ్గా k రోజులు’ అని అడుగుతోంది. మీరు చెప్పిన పద్ధతి ఎన్ని రోజులనైనా తీసుకోవచ్చన్నప్పుడు పనికివస్తుందట. కథలో ‘సరిగ్గా’ అన్న మాట అందుకే పెట్టాను.

మూడో సంవత్సరం

అవును, ఆ మాట నేను దాటవేసి చదివాను.

పాత సీనియర్

జరుగుతుంది, తరచుగానే జరుగుతుంది. ఆ బగ్గు ధన సంఖ్యలు ఉన్నంతకాలం బయటపడదు. చివర అదనంగా చదివిన `a[n]` గ్లోబల్ అర్రేలో ఉంది కాబట్టి సున్నాగా ఉంటుంది. సున్నాను కలిపి ఒక ధన సంఖ్యను తీసివేస్తే మొత్తం తగ్గుతుందే కాని పెరగదు. నమూనా టెస్టుల్లో సాధారణంగా చిన్న చిన్న ధన సంఖ్యలే ఇస్తారు కనుక అన్నీ పచ్చగా కనిపిస్తాయి. ఒక్క రుణ సంఖ్య ఉన్నా చాలు, జవాబు తప్పుతుంది. రెండు టెస్టుల్లోనే రుణ సంఖ్యలు ఉన్నాయని కథలో ఒక వాక్యం కలపండి.

ల్యాబు మాస్టారు

పాత సీనియర్ గారి మాటలో మొదటి సగం సరైనదే, రెండో సగాన్ని కొంచెం సవరించాలి. నేను ఒక కళాశాలలో ప్రోగ్రామింగ్ ల్యాబు చూస్తాను. ప్లేస్‌మెంటుకు ముందు జరిపే అభ్యాస పరీక్షలకు టెస్టులు తయారుచేసే పని కూడా నాదే.

అదనపు అడుగు వేసినప్పుడు కిటికీలో మిగిలేది చివరి k-1 సంఖ్యలూ ఒక సున్నా. ఆ దొంగ మొత్తం నిజమైన కిటికీలన్నిటికన్నా పెద్దదైతేనే జవాబు తప్పుతుంది. ఉదాహరణకు 3, 1, -6, 2 తీసుకొని k విలువ 2 అనుకోండి. నిజమైన మొత్తాలు 4, -5, -4. దొంగ మొత్తం 2. రుణ సంఖ్య ఉంది, అదీ సరిగ్గా చివరి అడుగులో తీసివేసే స్థానంలోనే ఉంది. అయినా జవాబు 4గానే వస్తుంది, బగ్గు దాగే ఉంటుంది. కాబట్టి హారిక ఎంచుకున్న మూడు అంకెల్లో పెద్ద సంఖ్య చివర ఉండడం ఆమెకు కలిసివచ్చింది. 5, -2, -4 అని వేసుకుని ఉంటే నిజమైన మొత్తాలు 3, -6, దొంగ మొత్తం -4; తెరమీద సరైన 3 కనిపించి, ఆమె ఆ లూపును నిర్దోషిగా వదిలేసేది.

ఇక రెండు టెస్టులే ఎందుకు తప్పాయన్నది. టెస్టులు రాసేవాళ్లం అన్నీ రుణ సంఖ్యలే ఉన్న ఇన్‌పుట్ ఒకటి దాదాపు తప్పనిసరిగా పెడతాం. `best`ను సున్నాతో మొదలుపెట్టేవారిని పట్టుకోవడం దాని ఉద్దేశం. అన్నీ -1 అయితే నిజమైన ప్రతి కిటికీ -k, దొంగ కిటికీ -(k-1), అంటే దొంగదే పెద్దది. ఇంకొకరి తప్పు కోసం పన్నిన వలలో హారిక పడింది. రెండోది k విలువ n కు సమానమైన టెస్టు అయి ఉండవచ్చు. అందులో నిజమైన కిటికీ ఒక్కటే, కనుక మొదటి సంఖ్య రుణమైతే చాలు, జవాబు తప్పుతుంది.

పాత సీనియర్

3, 1, -6, 2 వేసి నడిపి చూశాను, 4 వచ్చింది. మీ సవరణ ఒప్పుకోవలసిందే.

హైదరాబాదు టెస్టర్

ఇంత తలనొప్పి ఎందుకు? `-g -fsanitize=address` పెట్టి కంపైల్ చేస్తే అర్రే హద్దు దాటిన క్షణంలోనే ప్రోగ్రాం ఆగి, ఏ వరుసలో దాటిందో చెబుతుంది. విద్యార్థులకు ఇది ఎవరూ నేర్పడం లేదు.

ల్యాబు మాస్టారు

ఈ కోడులో అది నోరు విప్పదు. అర్రే పరిమాణం 100005, n విలువ 3. `a[3]` అర్రే లోపలే ఉంది. హద్దు దాటింది సమస్యలోని n ను మాత్రమే, మెమొరీని కాదు. జాగ్రత్త కోసం అయిదు గదులు ఎక్కువ పెట్టుకునే అలవాటు ఇటువంటి తప్పులను కప్పిపుచ్చుతుంది. అదే `vector<int> a(n)` అని రాసి ఉంటే మీరు చెప్పింది అక్షరాలా నిజం.

పైగా పరీక్ష బ్రౌజరులో జరుగుతుంది కాబట్టి కంపైలరు ఫ్లాగులు విద్యార్థి చేతిలో సాధారణంగా ఉండవు. అక్కడ వెక్టరు వాడి, `a[i]` బదులు `a.at(i)` అని రాస్తే హద్దు దాటగానే `std::out_of_range` అనే దోషం విసురుతుంది. జి++ కంపైలరైతే హెడర్లకన్నా ముందు ఈ ఒక్క వరుస పెట్టినా చాలు:

```cpp
#define _GLIBCXX_DEBUG
```

దీనివల్ల ప్రోగ్రాం నెమ్మదిస్తుంది, సమర్పించే ముందు తీసేయాలి. ఏడు నిమిషాల్లో అర్రేను వెక్టరుగా మార్చి ఇదంతా చేయమని మాత్రం నేను చెప్పను.

పైథాన్ పక్షం

అందుకే మా బ్యాచిలో చాలామంది పైథాన్ ఎంచుకున్నారు. హద్దు దాటితే వెంటనే `IndexError` వస్తుంది, బగ్గు దాక్కునే అవకాశమే లేదు. జావాలో కూడా `ArrayIndexOutOfBoundsException` వస్తుంది కదా.

నీలగిరి కాఫీ

కుడివైపు హద్దుకు అది నిజం. ఎడమవైపు దాటితే పైథాన్ కిక్కురుమనదు, ఎందుకంటే `a[-1]` అంటే చివరి సంఖ్య అని అర్థం చేసుకుంటుంది. మా తమ్ముడు ఇదే లెక్కను పైథాన్‌లో రాసి, లూపును k-1 నుంచి మొదలుపెట్టాడు. మొదటి అడుగులో `a[i-k]` కాస్తా `a[-1]` అయి, జాబితాలోని చివరి సంఖ్య మొత్తం నుంచి తీసివేయబడింది. వాడు చాలాసేపు చివరి కిటికీలోనే తప్పు వెతికాడు, తప్పు మొదట్లో ఉంది. జావాలో ఈ బాధ లేదు, రెండు వైపులా దోషం చూపిస్తుంది.

నా సందేహం వేరు. `sum` మాత్రం `long long`, కాని `a[i] - a[i - k]` అన్నది `int`లోనే జరుగుతుంది. సంఖ్యలు 10^9 దాకా ఉంటే అసలు బగ్గు అక్కడే ఉండవచ్చు కదా?

ల్యాబు మాస్టారు

మంచి ప్రశ్న. సంఖ్యలు -10^9 నుంచి 10^9 వరకైతే తేడా అత్యధికంగా 2,000,000,000. `int` పట్టగలిగేది 2,147,483,647. అంటే అంచు మీద సరిపోయింది. హద్దు ఇంకాస్త పెద్దదైతే మీ అనుమానమే నిజమయ్యేది. కథలో హద్దులు ఇవ్వలేదు కాబట్టి దాన్ని పూర్తిగా కొట్టివేయలేం.

వలస పక్షి

మరో రకం కూడా చూశాను. ఒకే ఫైలులో అనేక టెస్టులు ఇచ్చే పరీక్షల్లో గ్లోబల్ అర్రే ఖాళీ కాదు. ముందటి టెస్టు సంఖ్యలు అందులోనే ఉండిపోతాయి. మొదటి టెస్టు 1, 2, 3, 9, 9 అనుకుందాం. రెండోది 4, 1, 2, k విలువ 2. జవాబు 5 రావాలి. కాని `a[3]`లో పాత 9 కూర్చుని ఉంటుంది, కనుక 2, 9 కలిసి 11 వస్తుంది. అన్నీ ధన సంఖ్యలే, అయినా తప్పే. అదే రెండో టెస్టును విడిగా నడిపితే సరైన జవాబు వస్తుంది. నా సహాధ్యాయి ఒకరు దీన్ని సర్వరు లోపమని నమ్మి పర్యవేక్షకుడితో వాదించారు.

మూడో సంవత్సరం

హారిక -4, -2, 5 కన్నా చిన్నది వేసుకోవచ్చు కదా? n, k రెండూ 1, సంఖ్య -5. జవాబు -5 రావాలి, ఈ కోడులో 0 వస్తుంది. రఫ్ కాగితం కూడా అక్కరలేదు.

ల్యాబు మాస్టారు

అది ప్రతి విద్యార్థీ మొదట వేసుకోవలసిన ఇన్‌పుటే. అయితే 0 చూడగానే హారిక మళ్లీ `best` దగ్గరికే పరిగెత్తి ఉండేది, ఎందుకంటే అక్కడి తప్పు కూడా సున్నానే చూపిస్తుంది. 5 అన్న జవాబుకు ఇన్‌పుట్‌లో ఒక చిరునామా ఉంది, సున్నాకు లేదు.

పాత సీనియర్

నేను ఇక్కడ ఏకీభవించను. సున్నా వచ్చినా, `best` సరిగానే ఉందని ఆమె అప్పటికే చూసింది కాబట్టి మిగిలేది లూపు ఒక్కటే. ఏడు నిమిషాల్లో ఎంత చిన్న ఇన్‌పుటైతే అంత మేలు.

కథకులకు ఒక సూచన. ముగింపు రాసేముందు ఆ పరీక్షలో సమయం ముగిస్తే ఏ కోడు లెక్కలోకి వస్తుందో నిర్ణయించుకోండి. నేను రాసిన ఒక పరీక్షలో ఎడిటరులో ఉన్నది దానంతటదే సమర్పణ అయింది. మరొకదానిలో బటన్ నొక్కితేనే లెక్క.

వలస పక్షి

కొన్నిచోట్ల అన్ని సమర్పణల్లో ఉత్తమమైనదాన్ని తీసుకుంటారు, కొన్నిచోట్ల చివరిదే. చివరిదే లెక్క అయితే, సరిగా కంపైల్ కాని కోడును తొందరలో పంపితే ఎనిమిది టెస్టుల మార్కులూ పోతాయి. హారిక ఆ చిహ్నం చెరిపి, అదే మూడు అంకెలతో ఇంకొకసారి నడిపి 3 చూసిందా లేదా అన్నది నాకు కథలో కనిపించలేదు.

గోదారిగట్టు

ఆ వాక్యం లేదు, చేర్చాలి. మీ 5, -2, -4 ఉదాహరణను కూడా వాడుకుంటాను మాస్టారూ: ఆమె ముందు అది వేసి సరైన జవాబు చూసి, లూపు మీద అనుమానం వదులుకుని, రెండు నిమిషాలు పోగొట్టుకున్నాక అంకెల వరుస తిప్పి చూస్తుంది. అప్పుడు ఏడు నిమిషాలు చాలవేమో, తొమ్మిది చేయాలి. సమర్పణ నియమం సంగతి మా మేనకోడలిని అడిగి చెబుతాను.