హెడ్‌లైన్‌లో వచ్చిన పనులన్నీ రాయాలా, ఒక్కటే రాయాలా?

కపిలతీర్థం_అకౌంట్స్:
తిరుపతిలో ఒక ఆడిట్ ఆఫీసులో ఆరేళ్లు పనిచేశాను. చివరి రెండేళ్లు అమెరికాలోని ఆన్‌లైన్ షాపుల లెక్కలు క్విక్‌బుక్స్‌లో చూశాను. ఫ్రీలాన్స్ పనులు దొరికే అప్‌వర్క్ సైట్‌లో ప్రొఫైల్ పెట్టి మూడు నెలలైంది, ఒక్కరూ పిలవలేదు. హెడ్‌లైన్‌లో నాకు వచ్చిన పనులన్నీ రాయాలా, ఒక్కటే రాయాలా? ఇప్పుడున్నది ఇది:

```
Senior Accounts Executive | Tally Prime, GST & Taxation Expert
```

పలమనేరు_వెబ్:
అన్నీ రాయండి అక్కా. ఎవరు ఏ పదం కొట్టి వెతికినా మనం తగలాలి కదా. నేను వెబ్‌సైట్లు, లోగోలు, వీడియో ఎడిటింగ్ అన్నీ పెట్టాను, పిలుపులు వస్తూనే ఉన్నాయి. జీఎస్టీ ఒక్కటి తీసేయండి. అది మన దేశం గోల, బయటవాళ్లకు తెలీదు.

గ్రీమ్స్‌పేట_లెడ్జర్:
తమ్ముడూ, వెతికే పదం ప్రొఫైల్‌లో ఉండాలన్న మాట నిజమే. కానీ ఈ అమ్మాయి హెడ్‌లైన్‌లో కొనేవాళ్లు కొట్టే పదం ఒక్కటీ లేదు. అసలు లోపం అది. ఒకటా పదా అన్నది తర్వాతి మాట.

"అకౌంట్స్ ఎగ్జిక్యూటివ్" మన ఆఫీసుల్లో పెట్టుకునే హోదా. అమెరికాలో "అకౌంట్ ఎగ్జిక్యూటివ్" అంటే సేల్స్ మనిషి. చిన్న షాపు నడిపేవాడు వెతికేది "బుక్‌కీపర్" అని. టాలీని అతను చూసి కూడా ఉండడు, అతనికి తెలిసింది క్విక్‌బుక్స్. "టాక్సేషన్" చూస్తే తన ఇన్‌కమ్ టాక్స్ రిటర్న్ వేసిపెడతావనుకుంటాడు. డబ్బు తీసుకుని అమెరికా ఫెడరల్ రిటర్న్ తయారుచేయాలంటే అక్కడి పన్ను శాఖ ఇచ్చే పీటీఐఎన్ నంబరు ఉండాలి. నీకు లేకపోతే ఆ పదం వల్ల వచ్చే పిలుపు కూడా వృథాయే.

జీఎస్టీ సంగతి తమ్ముడు తప్పు చెప్పాడు. ఆస్ట్రేలియాలో 10 శాతం జీఎస్టీ ఉంది. అక్కడివాళ్లకు ఆ పదం బాగా తెలుసు, చిక్కు కూడా అక్కడే. నువ్వు వాళ్ల జీఎస్టీ లెక్క చూపే బీఏఎస్ రిటర్నులు చేస్తావనుకుని పిలుస్తారు. ఫీజు తీసుకుని ఆ పని చేయాలంటే అక్కడ ఏజెంటుగా రిజిస్టర్ అయి ఉండాలి.

దామలచెరువు_మామిడి:
మాదీ ఇదే తంటా మేడమ్. మాకు మామిడి గుజ్జు వ్యాపారం. హోల్‌సేల్ సైట్‌లో "నాణ్యమైన బెంగళూరా గుజ్జు, 20 ఏళ్ల అనుభవం" అని పెట్టాం. మా మండీలో అందరూ బెంగళూరా అనే అంటారు. ఎంక్వయిరీ ఒక్కటీ రాలేదు. మా అబ్బాయి దాన్ని తోతాపురి అని మార్చి, అసెప్టిక్, 215 కిలోల డ్రమ్ము అని చేర్చాడు. అప్పుడు ఫోన్లు మొదలయ్యాయి. మీరూ డ్రమ్ము సైజు రాయండి.

గ్రీమ్స్‌పేట_లెడ్జర్:
అన్నా, ఈ అమ్మాయి అమ్మేది సరుకు కాదు, తన పని 😀 కానీ మీ బెంగళూరా కథ అచ్చం ఇదే. మండీలో మాట వేరు, కొనేవాడి మాట వేరు.

ఆ మాట ఎక్కడ దొరుకుతుందో చెప్తాను. "బుక్‌కీపింగ్" అని వెతికి, ఇటీవల వచ్చిన జాబ్ పోస్టులు ఓ 40 తెరువు. వాటి టైటిళ్లూ మొదటి రెండు వాక్యాలూ ఒక షీట్‌లోకి కాపీ చేసుకో. నేను చేసినప్పుడు "ఫైనలైజేషన్", "పెండింగ్ ఎంట్రీలు" లాంటి మన మాట ఒక్కటీ కనిపించలేదు. వాళ్లు రాసేది "behind", "catch-up", "cleanup", "messy books" అని. వాటిలో నువ్వు నిజంగా చేసిన పనికి సరిపోయేవే తీసుకో. టైటిల్‌కు 70 అక్షరాలే చోటు, ఖాళీలతో సహా. ఇది 67:

```
QuickBooks Online Bookkeeper | Catch-up & Cleanup for Online Stores
```

ఇక సమ్మరీ. అందులో 5,000 అక్షరాల దాకా రాయవచ్చు గానీ, వెతికినవాడికి జాబితాలో కనిపించేది మొదటి ఒకటి రెండు వరుసలే. "నేను కష్టపడి పనిచేసే బీకామ్ గ్రాడ్యుయేట్‌ను" అని మొదలుపెడితే ఆ వరుసలు పోయినట్టే. రెండేళ్లు ఏం చేశావో అది రాయి. షాపిఫై షాపులో 1,000 డాలర్ల అమ్మకం జరిగింది, 50 వాపసు పోయింది, ఫీజు 30 పట్టుకున్నారు, బ్యాంకులో పడింది 920. యజమాని ఆ 920నే అమ్మకంగా రాసుకుంటాడు. ఏడాది చివర అమ్మకాలు తక్కువ కనిపిస్తాయి, షాపు రిపోర్టుకూ పుస్తకాలకూ పొంతన కుదరదు. అందుకే మొదటి వరుస ఇలా:

```
Shopify deposits don't match your sales? I split out fees and refunds.
```

ఈ బాధ పడుతున్నవాడు అది చదివి ఆగుతాడు. టాలీ, జీఎస్టీ అడుగున ఎక్కడో ఉన్నా నష్టం లేదు.

పలమనేరు_వెబ్:
అక్కా, ఇంత ఇరుకు చేస్తే మామూలు నెలవారీ పనులు పోవా? పైగా "క్యాచప్" జనవరి నుంచి ఏప్రిల్ 15 గడువు దాకా బాగా అడుగుతారు. జూలైలో ఎవరు వెతుకుతారు?

గ్రీమ్స్‌పేట_లెడ్జర్:
ఆ సీజన్ మాట నిజమే, ఒప్పుకుంటా. మెయిన్ ప్రొఫైల్ కాకుండా స్పెషలైజ్డ్ ప్రొఫైల్ విడిగా పెట్టుకోవచ్చు, నెలవారీ పని అందులో రాసుకోవచ్చు. సీజన్‌కొకసారి టైటిల్ మార్చడం మాత్రం నాకు నచ్చదు. పాత కస్టమర్ తిరిగొచ్చి చూస్తే వేరే మనిషిలా కనిపిస్తాం.

పలమనేరు_వెబ్:
నేను ప్రతి మూడు నెలలకూ మారుస్తాను. ఎవరూ ఏమీ అనలేదు.

గ్రీమ్స్‌పేట_లెడ్జర్:
నీకు వచ్చే పిలుపుల్లో ఎన్ని పనిగా మారుతున్నాయి?

పలమనేరు_వెబ్:
అది... తక్కువే. ఒకడు లోగో అడుగుతాడు, ఒకడు వీడియో. సగం మందికి నా ధర నచ్చదు.

గ్రీమ్స్‌పేట_లెడ్జర్:
కపిలతీర్థం అమ్మాయీ, ఒక్క జాగ్రత్త. టైటిల్, సమ్మరీ ఒకే రోజు మార్చకు. ముందు టైటిల్ మార్చి రెండు వారాలు ప్రొఫైల్ వ్యూస్ చూడు. వ్యూసే రాకపోతే పదాలు ఇంకా కుదరలేదని. వ్యూస్ వచ్చి పిలుపు రాకపోతే టైటిల్‌ను వదిలేసి సమ్మరీ మొదటి వరుసలు, ఫోటో, రేటు చూసుకో.

కపిలతీర్థం_అకౌంట్స్:
(నాలుగు వారాల తర్వాత) టైటిల్ మార్చాక వారానికి ఒకటీ రెండూ ఉండే వ్యూస్ పది దాటాయి, పిలుపు మాత్రం లేదు. మీరన్నట్టే అప్పుడు సమ్మరీ మొదటి వరుస మార్చాను. మొన్న ఒకాయన పిలిచాడు. కొవ్వొత్తుల షాపు, 14 నెలల లెక్కలు రాయలేదట. మెసేజ్‌లో మొదటి మాటే "deposits don't match". కానీ టాక్స్ రిటర్న్ కూడా నువ్వే వేస్తావా అని అడుగుతున్నాడు.

పలమనేరు_వెబ్:
చూశారా, టాక్స్ అనే పదం ఉంచి ఉంటే బాగుండేది.

గ్రీమ్స్‌పేట_లెడ్జర్:
ఉంచి ఏం చెప్పాలి, నంబరు లేదనా?

కపిలతీర్థం_అకౌంట్స్:
పుస్తకాలు సరిచేసి, మీ సీపీఏ చేతికి ఇచ్చేలా రిపోర్టులు తయారుచేస్తాను, రిటర్న్ ఆయన వేస్తారు అని రాశాను. ఇంకా జవాబు రాలేదు. అక్కడ ఇప్పుడు రాత్రి కదా.

దామలచెరువు_మామిడి:
రేటు ఎంత చెప్పావమ్మా?