“నిర్వహణ చూచుచుండెను” – ఏ నిర్వహణ?

గూటిపడవ: ఒక టెక్నీషియన్ అనుభవ ధృవపత్రంలో “పంపు మోటార్లు, కంప్రెసర్ల నిర్వహణ చూచుచుండెను” అని ఉంది. విదేశీ ఉద్యోగానికి ఇంగ్లీషు చేయాలి. నిర్వహణకు మెయింటెనెన్స్ అంటే చాలా?

తాటాకు: ముందు అది ధ్రువపత్రం. ధకు వట్రసుడి కాదు, రావత్తు.

చుక్కల ముగ్గు: మెయింటెనెన్సే. మరమ్మతుకు మనవాళ్లు పెట్టుకున్న మాటే కదా నిర్వహణ.

పాతబావి: సగమే ఒప్పుకుంటాను. మరమ్మతు అంటే చెడినదాన్ని బాగుచేయడం. అరబ్బీ మాట, పారసీ మీదుగా వచ్చింది. నిర్వహణ అంటే చెడకుండా చూడడం, నడపడం, మనుషుల చేత చేయించడం కూడా. ఇంగ్లీషులో ఇవి మూడు వేర్వేరు ఉద్యోగాలు. ఆపరేటర్ అని రాస్తే ఫిట్టర్ పోస్టుకు ఆ అనుభవం లెక్కకు రాకపోవచ్చు.

తాటాకు: నాటకంలో నిర్వహణ ఐదో సంధి. ముఖ, ప్రతిముఖ, గర్భ, విమర్శల తరువాత కథను గట్టుకు చేర్చేది. శాకుంతలం ఏడో అంకం చూడండి, ఆ పని ఎంత మెత్తగా సాగుతుందో! ‘చివరిదాకా మోయడం’ అసలు అర్థం. అందుకే నాకు మెయింటెనెన్స్ కంటే ఆపరేషనే దగ్గర.

గూటిపడవ: ఆయన్ను అడిగాను. వైండింగ్ కట్టేవారట, బేరింగులు మార్చేవారట, మెగ్గర్ వేసేవారట.

పాతబావి: అయితే చేసింది మెయింటెనెన్సే, రిపేరు కూడా. కానీ పత్రంలో లేని పనులను అనువాదంలో చేర్చకూడదు. అసలు ప్రతితో పోల్చి చూస్తే రెండు వాక్యాలు ఐదయ్యాయని వెంటనే తెలిసిపోతుంది. పని ఇచ్చిన సంస్థనే లెటర్‌హెడ్ మీద మరో పత్రం అడగండి: ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, ఏ హోదా, ఎన్ని హెచ్‌పీ మోటార్లు, ఏ పనులు. తేదీలు జీతం చీటీలతో కలవాలి. అది వచ్చాక “వైండింగ్ కట్టుట”ను రీవైండింగ్ అనండి, టైయింగ్ అంటే తాడు కట్టినట్టుంటుంది. “మెగ్గర్ వేయుట” ఇన్సులేషన్ రెసిస్టెన్స్ టెస్టింగ్.

చుక్కల ముగ్గు: నోటరీ ముద్ర వేయిస్తే సరిపోదా? మా బావగారి పెళ్లి పత్రానికి అదే చేశాం.

పాతబావి: నోటరీ చూసేది సంతకాన్ని, మాట అర్థాన్ని కాదండీ. ఆస్ట్రేలియా వీసాకైతే, ఆ దేశంలో చేసే అనువాదానికి నాటీ అనే అక్కడి అనువాదకుల సంస్థ గుర్తింపు ఉన్నవారు కావాలి. బయట చేస్తే అనువాదకుడి పూర్తి పేరు, చిరునామా, ఫోను, ఆ భాషలో అర్హత, అనుభవం రాయాలి. మిగతా దేశాల నియమాలు వేరు.

తాటాకు: ‘చూచుచుండెను’ సంగతి ఎవరూ ఎత్తలేదు. చూచు అంటే పర్యవేక్షణ. సూపర్‌వైజ్డ్ అనాలి.

పాతబావి: “వంట చూచుచుండెను” అంటే వంటవాళ్లను పర్యవేక్షించాడనా? తానే వండాడనీ కావచ్చు. -చుండెను అలవాటుగా చేసిన పని. ఉద్యోగం ముగిసింది కనుక మెయింటెయిన్డ్ అని మామూలు భూతకాలం చాలు.

తాటాకు: వంటకూ కంప్రెసర్‌కూ ఒకే చూచు వర్తించదని నా వాదన. నిఘంటువు తీసి మళ్లీ వస్తాను.