సమస్య: కప్పు కారుచుండఁ గలిగె సుఖము

కోటవీధి మాస్టారు:
ఈ వారం సమస్య ఆటవెలదిలో ఆఖరి పాదం. పై మూడూ మీవి.

కప్పు కారుచుండఁ గలిగె సుఖము

ఊరికే పూరించేస్తే సరిపోదు, ఈసారి వేషం కట్టాలి. సీను ఇది. మన పర్లాకిమిడిలో కోట పక్క సందు, పాత తెలుగు పుస్తకాల కొట్టు, పెంకుల కప్పు. కొట్టు ఓనరు మహా బిడియస్తుడు, బేరమాడ్డానికి కూడా నోరు పెగలదు. పాతపట్నం వైపు నుంచి జముకు భుజానేసుకుని ఒక పాటగాడు నడిచొస్తా వానలో ఇరుక్కుని కొట్టు చూరు కింద నిలబడ్డాడు. మీరు ఆ ఇద్దర్లో ఒకరైపోయి పద్యం చెప్పాలి, ఎవరి వేషమో పైన రాయండి. పుస్తకాల కొట్లో కప్పు కారితే కొంప మునిగినట్టే కదా, మరి సుఖం ఎక్కణ్ణుంచి వచ్చిందో అదే మీరు తేల్చాల్సింది.

రాయగడ పెంకులు:
మాస్టారూ కప్పు కారితే సుఖం ఏటండీ, 2018 తిత్లీ తుఫానులో మా కొట్లో పై అర మొత్తం తడిసిపోయింది. ఎవరికైనా పనికొస్తుందని చెప్తున్నా, తడిసిన పుస్తకం ఎండలో పెట్టకండి అట్టలు వంకర తిరిగిపోతాయి, నిలబెట్టి పేజీలు కొంచెం విచ్చదీసి ఫ్యాన్ గాలికి వదలాలి, మధ్యమధ్యలో తెల్లకాగితాలు పెట్టి తడిసినప్పుడల్లా మార్చాలి. నున్నటి బొమ్మల పేజీలైతే తడి మీదుండగానే విడదియ్యాలి, ఆరితే అతుక్కుపోయి ఇంక రావు. ముందు పెంకులు సర్దించుకోమనండి ఆ ఓనర్ని.

కోటవీధి మాస్టారు:
బాబూ ఇది పద్యం. అయినా మంచి మాటే చెప్పావులే.

బరంపురం బాబ్జీ:
నాదే ఫస్టు. వేషం: పాటగాడు. కప్పంటే ఇంటికప్పే అవ్వాలని రూలేం లేదుగా, నేను టీ కప్పు పట్టా.

పాట లమ్ముకొనెడు బాటసారిని నేను
వాన పట్టి నన్ను కొట్టు చేర్చె
చలికి వణకు చేతఁ జాయ నందుకొనఁగ
కప్పు కారుచుండఁ గలిగె సుఖము

కోటవీధి మాస్టారు:
మొదటి పాదం చాలా బాగుంది బాబ్జీ, పాటలమ్ముకునే బాటసారి అన్నమాట నీ నోట్లోంచి భలే దొర్లింది. రెండో పాదంలో కాలు జారింది. గణాలు ఐదూ సూర్యగణాలే, వాన, పట్టి, నన్ను, కొట్టు, చేర్చె, లెక్క సరే. కానీ నాలుగో గణం మొదట్లో 'కొ' ఉంది, పాదం మొదట్లో 'వా' ఉంది, ఈ రెండిటికీ పొత్తెక్కడిది? యతి పోయింది.

బరంపురం బాబ్జీ:
ఆటవెలదికి యతి రెండు పెద్ద పాదాలకే కదా మాస్టారు, చిన్నవాటికి అక్కర్లేదని ఎక్కడో చదివా.

కోటవీధి మాస్టారు:
ఎక్కడ చదివావో గానీ నాలుగింటికీ కావాలి. చిన్న పాదంలోనైనా నాలుగో గణం దగ్గరే. ఆటవెలదిలో అక్కర్లేనిది ప్రాస. ఆ రెండూ కలిపేసుకున్నట్టున్నావ్. పైగా ప్రాస వద్దన్న పద్యం కాబట్టే నీకో దొడ్డిదారి ఉంది, యతి కుదరకపోతే ప్రాసయతి వాడుకోవచ్చు. ఇలా మార్చి చూడు

వాన పట్టి నన్ను లోనఁ జేర్చె

వాన, లోన. రెండో అక్షరాలు రెండూ 'న', దానికి ముందున్నవి రెండూ గురువులు. చెల్లుతుంది. వినడానికి కూడా 'కొట్టు చేర్చె' కంటే ఇదే హాయి.

గుణుపురం ఆఖరి బండి:
ఛందస్సు పక్కనెట్టండి, నాకు అర్థం దగ్గర డౌటు. టీ కప్పు ఒలుకుతుంది, కారదు. కారాలంటే పగిలుండాలి.

బరంపురం బాబ్జీ:
పగిలిందే. బిడియస్తుడు కదా, కొత్త కప్పు అడగడానికి పక్క కొట్టుకెళ్ళలేక తన దగ్గరున్న పగుళ్ళ కప్పులోనే పోసిచ్చాడు 😄

కోటవీధి మాస్టారు:
ఆ మాట పద్యంలో ఉంటే ఒప్పుకునేవాణ్ణి, నువ్వు కింద కామెంట్లో చెప్తే పూరణ అవ్వదు కదా. నేనైతే ఒకటే చూస్తాను. పద్యంలోంచి ఆ కారడాన్ని తీసేసి చదువు. సుఖం అలాగే మిగిలుందంటే సమస్య విడిపోలేదనే అర్థం. నీ పాటగాడికి సుఖం వేడి టీ వల్ల వచ్చింది. కప్పు కారకపోయినా వచ్చేదే, ఇంకా ఎక్కువే వచ్చేది.

గుణుపురం ఆఖరి బండి:
అయితే నాది చూడండి. వేషం: కొట్టు ఓనరు.

వానలోన నిలిచి వణికెడు గాయకుం
బిలువ నోరు రాక బిడియపడితి
బిందెఁ బట్టు మనుచుఁ బిలిచితి లోనికి
కప్పు కారుచుండఁ గలిగె సుఖము

కోటవీధి మాస్టారు:
ఆహా. ఇదీ పూరణంటే. లోపలికి రా అనడానికి నోరు రానివాడికి, ఈ బిందె కాస్త పట్టు అనడానికి నోరొచ్చింది. కప్పు కారకపోతే ఆ సాకు లేదు, సాకు లేకపోతే వాడు వానలోనే. మర్యాదకి పిలవలేనివాళ్ళు పనికైతే పిలవగలరు, మా ఇంట్లోనూ అలాంటివాళ్ళున్నారు. యతులు వా-వ, బి-బి, బిం-బి, అన్నీ కుదిరాయి.

బరంపురం బాబ్జీ:
నాకు చెప్పారుగా ఇప్పుడు నేనడుగుతా, 'లోనికి' తర్వాత ద్రుతం ఉంటుంది కాబట్టి 'గప్పు' అయిపోవాలి కదా?

కోటవీధి మాస్టారు:
మంచి ప్రశ్నే. 'లోనికి' దగ్గర వాక్యం అయిపోయింది, పాదమూ అయిపోయింది, అక్కడ ఊపిరి తీసుకుంటాం కాబట్టి నేను పట్టించుకోను. పట్టించుకుని 'లోనికిఁ గప్పు' అనేవాళ్ళూ ఉన్నారు, యతికి దానివల్ల నష్టమేం లేదు. సమస్య లోపలున్న 'చుండఁ గలిగె' మాత్రం అలా కాదు, 'చుండన్' పక్కన 'కలిగె' కాస్తా 'గలిగె' అయింది, దాన్ని ముట్టుకోకండి.

మహేంద్రతనయ గట్టు:
చాన్నాళ్ళకి రాస్తున్నా. వేషం: కొట్టు ఓనరు. ఇక్కడ కప్పు అంటే నలుపు.

తడిసె నతని పాట దస్తరమంతయు
మరలఁ బాడు మనుచు మసియుఁ దెచ్చి
కూరుచుంటి నెదుట గుండెయె తాళమై
కప్పు కారుచుండఁ గలిగె సుఖము

ఒడియా మీడియం అమ్మాయి:
కప్పుకి నలుపనే అర్థం ఉందా??

మహేంద్రతనయ గట్టు:
ఉందమ్మా, పాత పద్యాల్లో మామూలే, నీలకంఠుణ్ణి కప్పుగొంతువాడనేది అందుకే. పాటలు రాసుకున్న కాగితాలు తడిసి సిరా నల్లగా కారిపోతోంది, కాబట్టి మళ్ళీ పాడించుకుని రాసుకోవాల్సొచ్చింది. అదీ సుఖం.

రాయగడ పెంకులు:
బాల్‌పెన్నుతో రాస్తే కారదు సార్, అది నూనె సిరా. మా కొట్టు లెక్కల పుస్తకం తడిసి ఆరినా అంకెలు అలాగే ఉన్నాయి. ఇంకుపెన్ను అయ్యుండాలి.

మహేంద్రతనయ గట్టు:
మసి అన్నాను కదా, ఇంకుబుడ్డే అనుకోండి.

గుణుపురం ఆఖరి బండి:
నాకు పద్యం నచ్చింది గానీ వేషం చెడింది అన్నయ్యా. బిందె పట్టమనడానికే నాకు సాకు కావాల్సొచ్చింది, మీ బిడియస్తుడు ఏకంగా 'మళ్ళీ పాడు' అని ఆర్డరేస్తున్నాడు. అంత చొరవున్నోడికి బిడియం ఎక్కడిది.

మహేంద్రతనయ గట్టు:
నిజమే తమ్ముడూ, దొరికిపోయా. ఎలా మార్చాలో తోచడం లేదు, 'పాడు మనుచు' తీసేస్తే రెండో గణం, మూడో గణం రెండూ పోతాయి.

కోటవీధి మాస్టారు:
తియ్యక్కర్లేదు. ఒక్క అక్షరం మార్చండి చాలు.

మరలఁ బాడు ననుచు మసియుఁ దెచ్చి

'పాడుము అనుచు' కాకుండా 'పాడును అనుచు'. మళ్ళీ పాడతాడులే అనుకుంటూ సిరా తెచ్చి ఎదురుగా కూర్చున్నాడు, నోరు మెదపలేదు. 'మనుచు' మూడు లఘువులే, 'ననుచు' కూడా మూడు లఘువులే, గణం కదల్లేదు. యతి 'మరల'కీ 'మసి'కీ కాబట్టి దానికీ ఢోకా లేదు. మ పోయి న వచ్చేసరికి ఆజ్ఞ కాస్తా ఆశ అయిపోయింది చూశారా.

మహేంద్రతనయ గట్టు:
అబ్బ. ఖాయం చేసేస్తున్నా.

ఒడియా మీడియం అమ్మాయి:
నేను బళ్ళో తెలుగు చదువుకోలేదు, అమ్మమ్మ దగ్గర నేర్చుకున్నదే, అరసున్నలు అవీ నాకు రావు. మనింట్లో మాట్లాడినట్టే రాస్తే ఒప్పుకుంటారా? వేషం: పాటగాడు.

జముకు తోలు తడిసి చప్పుడు రాదింక
కుంప టెట్టి నువ్వు కూర్చొ మంటె
కొట్టు నిండ పాట గూడు కట్టిందయ్య
కప్పు కారుతుంటె కలిగె సుఖము

బరంపురం బాబ్జీ:
గిడుగు వారు పాఠాలు చెప్పిన ఊరిది, ఆయన పద్యాలే వద్దన్నారు, ఇంక వాడుకభాష వద్దనేదెవరు 😀

కోటవీధి మాస్టారు:
పద్యాలు వద్దని కాదు బాబ్జీ, ఆయన గొడవంతా బళ్ళో పుస్తకాల వచనం గురించి. అమ్మడూ, అరసున్న లేకపోయినా నాకు బాధ లేదు. నీ యతులన్నీ సరిపోయాయి, జ-చ, కుం-కూ, కొ-గూ. చెవితో రాస్తున్నావన్నమాట. కానీ ఇందాక బాబ్జీకి చెప్పిందే నీకూ, కప్పు కారడం తీసేస్తే ఏం పోయింది? కుంపటీ ఉంది పాటా ఉంది. ఇంకోటి, తోలు తడిస్తే సాగిపోయి మూగబోతుంది నిజమే, కానీ కుంపటి సెగ తగిలితే మళ్ళీ బిగిసి పలుకుతుంది. అప్పుడు 'చప్పుడు రాదింక' అన్న నీ మాటే అబద్ధమైపోతుంది.

ఒడియా మీడియం అమ్మాయి:
కుంపటి నాకు చాలా ఇష్టమైన ముక్క 😞 సరే మారుస్తా.

జముకు తోలు తడిసి చప్పుడు రాదింక
బిందె లోన చుక్క బీటు వేసె
కొట్టు నిండ పాట గూడు కట్టిందయ్య
కప్పు కారుతుంటె కలిగె సుఖము

గుణుపురం ఆఖరి బండి:
నా బిందె కొట్టేసింది 😂 కానీ నాదానికంటే బాగా వాడింది. వాయిద్యం మూగబోయింది కాబట్టి కప్పే వాయించింది.

కోటవీధి మాస్టారు:
అర్థంలో ఇప్పుడు వంక పెట్టలేను. 'బీటు' యతికి కూడా కూర్చుంది, బిం-బీ. ఒక్కటే ఇబ్బంది, సమస్య పాదాన్ని మార్చావు. 'కారుచుండఁ గలిగె' ఇస్తే 'కారుతుంటె కలిగె' చేశావు. ఇచ్చిన పాదం ఇచ్చినట్టే ఉండాలి, అదే కదా పందెం.

మహేంద్రతనయ గట్టు:
మాస్టారూ గణాలూ అవే యతీ అదే అర్థమూ అదే. పై మూడు పాదాలు ఇంటి మాటలో పెట్టి కింద 'కారుచుండఁ' తగిలిస్తే ఆ పాటగాడు మధ్యలో పంతులుగారైపోతాడు. వేషం కట్టమన్నది మీరే.

కోటవీధి మాస్టారు:
అదీ నిజమే. అయినా ఇవాళ కారుతుంటె అంటే రేపు బాబ్జీ 'కప్పు' తీసేసి 'మగ్గు' అంటాడు. లెక్కలోకి తీసుకోను, కానీ పద్యం మాత్రం రాసి దాచుకుంటా.

బరంపురం బాబ్జీ:
మగ్గు పెడితే యతి పోతుంది మాస్టారు, మ-గ. ఇప్పుడు నాకు తెలుసు.

ఒడియా మీడియం అమ్మాయి:
లెక్కలోకి తీసుకోకపోతే నేనొప్పుకోను, ఓటింగ్ పెట్టండి.