కారొసెల్‌లో నాలుగో స్లైడ్‌ని అందరూ తలకిందులుగా చదువుతున్నారు, ఎలా తిరగరాయాలి?

మొక్కల పిచ్చి
పొద్దున్నుంచి దీని మీదే కూర్చున్నాను, తల పగిలిపోతోంది. ఎనిమిది స్లైడ్ల కారొసెల్ పెట్టాను. కామెంట్లు చూస్తే నాలుగో స్లైడ్‌లో నేను చెప్పినదానికి సరిగ్గా వ్యతిరేకంగా తీసుకున్నారు. ఐదుసార్లు మార్చాను. అక్షరాలు పెద్దవి చేశాను, ఎర్రటి ఇంటూ గుర్తు పెట్టాను. తమ్ముడికి చూపించి అర్థమైందా అని అడిగితే "ఆ, అయింది" అన్నాడు. మరి మిగతావాళ్లకేమైంది? జనం అసలు చదవరా?

రెండు ముక్కలు
స్లైడ్‌లో ఏముందో రాయలేదు. కామెంట్లలో ఏముందో రాయలేదు. ఎక్కడ పెట్టారో రాయలేదు.

అక్షరాల సుబ్బు
నేను చూడకుండానే చెప్పగలను, ఫాంటే కారణం. తెలుగులో ఒత్తులు కిందికి దిగుతాయి, గుడులు పైకి పోతాయి. ఇంగ్లిష్‌కి సరిపోయిన వరుసల ఎడం మనకి చాలదు. పై వరుస ఒత్తు కింది వరుస గుడికి తగిలిందంటే ఫోన్‌లో చదివేవాడు అక్కడే వదిలేస్తాడు. దానికి తోడు ఈ మధ్య అందరూ లేత రంగు మీద తెల్ల అక్షరాలు పెడుతున్నారు. ఎవరికి కనపడాలని?

మొక్కల పిచ్చి
సారీ, చిరాకులో రాశాను. ఇన్‌స్టాగ్రామ్. విషయం కుండీ మొక్కలు ఎందుకు చచ్చిపోతాయని. నాలుగో స్లైడ్‌లో పైన మూలన చిన్న నారింజ పట్టీలో "అపోహ" అని ఉంటుంది. మధ్యలో పెద్దగా "ఆకులు వాడితే వెంటనే నీళ్లు పోయాలి". ఐదో స్లైడ్: "కానీ అన్నిసార్లూ అది కారణం కాదు. నీళ్లు ఎక్కువైనా ఇలాగే అవుతుంది". ఆరులో మట్టిలో వేలు పెట్టి చూడమన్నాను. కామెంట్లలో "మంచి మాట చెప్పారు, ఇప్పుడే పోసి వచ్చాను" అంటున్నారు! ఫాంట్ బాగానే ఉందండీ సుబ్బు గారూ.

రీచ్ రాజా
నాకూ ఇలాగే అయింది. పోస్టు తీసేసి సాయంత్రం మళ్లీ పెట్టండి, రీచ్ లేస్తుంది. నేను పీడీఎఫ్ పోస్టు అలాగే చేశాను.

మొక్కల పిచ్చి
నేను రీచ్ గురించి అడగలేదండీ.

పాత డెస్కు
అమ్మా, ముందు ఒక లెక్క చూసి చెప్పండి. తప్పుగా తీసుకున్నవాళ్లు ఎంతమంది? వాళ్లలో ఐదో స్లైడ్ తర్వాతి సంగతి ఏదైనా ప్రస్తావించినవాళ్లు ఉన్నారా? నాలుగు దగ్గర ఆగిపోయినవాళ్లది ఒక జబ్బు, చివరిదాకా చదివి కూడా తప్పినవాళ్లది వేరే జబ్బు. రెంటికీ ఒకే మందు వేస్తే పనిచేయదు.

మొక్కల పిచ్చి
కూర్చుని లెక్కపెట్టాను. మొత్తం ముప్పై ఒకటి. తప్పుగా తీసుకున్నవి పదకొండు. అందులో ఇద్దరు వేలు పెట్టి చూడటం గురించి కూడా రాశారు. "నీళ్లు పోశాక వేలు పెట్టి చూశాను, తడిగానే ఉంది, థాంక్స్" అని ఒకరు! ఈ ఇద్దరూ కాక ఇంకొకరు "ఏ ఆకులు వాడాలి, ఎన్ని?" అని అడిగారు. అదేమిటో నాకు అంతుపట్టలేదు.

రెండు ముక్కలు
"వాడితే" అంటే ఉపయోగిస్తే అనుకున్నారు.

మొక్కల పిచ్చి
అయ్యో.

అక్షరాల సుబ్బు
వాడిపోవడం వేరు, వాలిపోవడం వేరు. నీరసించి కిందికి వేలాడితే వాలడం. వాడిపోవడం అంటే కళ తప్పి ముడుచుకోవడం.

రీచ్ రాజా
మా వైపు రెంటినీ వాడటమనే అంటారు సార్.

పాత డెస్కు
ఆ గొడవ తర్వాత చూద్దాం. ముందు నాలుగు దగ్గరే ఆగిన తొమ్మిది మంది సంగతి. పెద్ద అక్షరాల్లో ఉన్నది ఒక ఆజ్ఞ, "పోయాలి" అని. అది తప్పని చెప్పే మాట ఒక్కటే, అదీ మూలన చిన్నగా. స్క్రీన్‌షాట్ తీసి ఎవరికైనా పంపితే ఐదో స్లైడ్ వెంట రాదు. ఇంటూ గుర్తు పెట్టినా లాభం లేదు. గుర్తు కంటితో చూస్తాం, వాక్యాన్ని మనసులో చదువుకుంటాం, మర్నాటికి మిగిలేది వాక్యమే. నేను డెస్కులో ఉన్నప్పుడు ఖండన వార్తకి పుకారునే హెడ్డింగ్‌గా పెట్టి రెండుసార్లు తిట్లు తిన్నాను.

మిగిలిన ఇద్దరిదే అసలు చూడాల్సింది. ఐదో స్లైడ్‌లో "అది కారణం కాదు" అన్నారు. ఏది? ముందు స్లైడ్‌లో కారణమనే మాటే లేదు, చేయాల్సిన పని ఉంది. నీళ్లు తక్కువ కావడం కారణం అని మీ మనసులో ఉంది, స్లైడ్ మీద లేదు. పైగా "అన్నిసార్లూ కాదు" అంటే మామూలుగా పోయాలనే కదా. ఎప్పుడు పోయకూడదో తెలిసేది ఆరో స్లైడ్‌లో. అప్పటికే ఆయన నీళ్లు పోసేశాడు. చదవకపోవడం కాదమ్మా, మీరు రాసిన వరుసలోనే పని చేశాడు.

మొక్కల పిచ్చి
ఇది చదివాక కాసేపు మాట్లాడబుద్ధి కాలేదు. ఇలా రాస్తే?

నాలుగు: "ఆకులు వాలాయా? నీళ్లు పోయకముందే మట్టిలో రెండో కణుపు దాకా వేలు దించి చూడండి. పొడిగా ఉంటే పోయండి. తడిగా ఉంటే ఆగండి."

ఐదు: "మట్టి తడిగా ఉన్నా ఆకులు వాలాయంటే వేళ్లకు గాలి అందడం లేదేమో. కుళ్లిన వేళ్లు నీళ్లు పీల్చలేవు."

రెండు ముక్కలు
నాలుగులో వేలు, ఐదులో వేళ్లు. చేతివా, మొక్కవా?

మొక్కల పిచ్చి
దేవుడా. "వేరు" అని ఏకవచనం చేస్తాను. "వేరుకు గాలి అందడం లేదేమో, కుళ్లిన వేరు నీళ్లు పీల్చలేదు."

పాత డెస్కు
బాగుంది. ఇప్పుడు నాలుగో స్లైడ్ ఒక్కటే ఎవరికైనా చూపించండి, మొక్కల సంగతి తెలియనివాళ్లకి. అర్థమైందా అని అడక్కండి, అందరూ అయిందనే అంటారు, మీ తమ్ముడిలాగే. "నీ మొక్క ఆకులు వాలాయి, ఇది చూశాక ముందు ఏం చేస్తావు?" అని అడగండి. ముగ్గురిలో ఒకరు నీళ్లు తెస్తానన్నా మళ్లీ రాయాలి.

అక్షరాల సుబ్బు
"అపోహ" అనే మాటే తీసేస్తే సరిపోయేది. "భ్రమ" అంటే జనానికి తొందరగా ఎక్కుతుంది.

పాత డెస్కు
మాట మారిస్తే ఏమీ మారదు సుబ్బు గారూ, అది ఉన్న చోటు మారాలి. కాకపోతే రంగు గురించి మీరు మొదట అన్నది నిజమే. నారింజ మీద తెలుపైతే ఆ పట్టీ సగం మందికి కనపడి ఉండదు.

మొక్కల పిచ్చి
నారింజ మీద తెలుపే 🙈 సరే, పాత పోస్టు ఏం చేయాలి? బొమ్మ మార్చే వీలు నాకు కనపడలేదు. ఎడిట్‌లోకి వెళ్తే ఒక్క స్లైడ్‌ని తీసేయొచ్చంటోంది.

రెండు ముక్కలు
నాలుగు తీసేస్తే ఐదు "కానీ"తో మొదలవుతుంది.

రీచ్ రాజా
మొత్తం డిలీట్ చేసి కొత్తగా పెట్టండి, చెప్పాగా.

పాత డెస్కు
నేనైతే డిలీట్ చేయను. తీసేస్తే ఆ పదకొండు మందికి సంగతి తెలిసే దారి పోతుంది. వాళ్లు ఇప్పటికీ నీళ్లు పోస్తూనే ఉంటారు. నాలుగూ ఐదూ రెండూ తీసేయండి. వేలు పెట్టి చూడటం ఎలాగూ మిగులుతుంది. క్యాప్షన్ మొదటి వరుసలో "తీసేసిన నాలుగో స్లైడ్ సరిగా రాయలేదు, తడి చూడకుండా నీళ్లు పోయొద్దు" అని రాయండి. అదే మాట కామెంటుగా పిన్ చేయండి. పదకొండు మందికీ విడివిడిగా జవాబు ఇవ్వండి. కొత్తది వేరే పోస్టుగా పెట్టుకోండి.

రీచ్ రాజా
తప్పు ఒప్పుకుంటూ పిన్ చేస్తే పేజీ పరువేం కావాలి సార్?

పాత డెస్కు
మొక్క చచ్చాక ఉండే పరువు కంటే నయమే.

అక్షరాల సుబ్బు
రెండో కణుపు ఒక్కొక్కరికి ఒక్కో లోతులో ఉంటుంది. ఐదు సెంటీమీటర్లు అని రాస్తే కచ్చితంగా ఉండేది.

మొక్కల పిచ్చి
స్కేలు పట్టుకుని ఎవరొస్తారండీ. ఇద్దరికి చూపించాను. ఒకరు మట్టి చూస్తానన్నారు. అమ్మ మాత్రం "ముందు నీళ్లు పోసి, తర్వాత చూస్తా" అంది. మళ్లీ రాస్తున్నాను. థాంక్స్.