‘ఈక్వివలెంట్ యూనిట్లు’ను సమతుల్య యూనిట్లు అనవచ్చా?

పాఠం రాస్తున్నావిడ: ప్రాసెస్ కాస్టింగ్ మీద, అంటే సరుకు ఒక విభాగం నుంచి ఇంకో విభాగానికి వెళుతూ తయారయ్యేచోట ఖర్చు లెక్కించే పద్ధతి మీద, తెలుగులో పాఠం రాస్తున్నాను. ‘ఈక్వివలెంట్ యూనిట్లు’ దగ్గర ఆగిపోయాను. ‘సమతుల్య యూనిట్లు’ అని రాస్తే, చదివి చూసిన విద్యార్థిని ఒకరు “ఏ రెండింటి మధ్య సమతుల్యం?” అని అడిగారు. నా దగ్గర జవాబు లేకపోయింది. ఏ మాట వాడాలి?

నిఘంటువు మిత్రుడు: విద్యార్థిని అడిగినదాంట్లో న్యాయం ఉంది. ‘సమతుల్యం’ అనగానే మనకు సమతుల ఆహారం, పర్యావరణ సమతుల్యం గుర్తుకు వస్తాయి. అంటే ఇరువైపులా సరిగ్గా తూగడం. మీకు కావలసింది అది కాదు, ‘అంతకు సరిపడేది’ అనే భావం. ‘తుల్య యూనిట్లు’ అనండి. తుల అంటే త్రాసు, త్రాసులో సరితూగేది తుల్యం. సగం పని అయిన రెండు వస్తువులు ఒక పూర్తి వస్తువుతో సరితూగుతాయి కదా?

పరీక్షకు చదువుతున్నాను: మాట ఏదైనా లెక్క ఒకటే. నెల మొదట్లో ఉన్న అసంపూర్తి సరుకులో మిగిలిన పనిని, ఈ నెల మొదలుపెట్టి పూర్తిచేసినవాటిని, చివర మిగిలినవాటిలో జరిగిన పనిని కలిపితే తుల్య యూనిట్లు వస్తాయి. మొత్తం ఖర్చును దాంతో భాగించాలి.

కాస్ట్ అకౌంటెంట్: మీరు యూనిట్లను ఒక పద్ధతిలో, ఖర్చును ఇంకో పద్ధతిలో తీసుకున్నారు. పాత సరుకులో మిగిలిన పనిని మాత్రమే లెక్కించేది ఫిఫో, అంటే ముందు వచ్చినదే ముందు పూర్తయిందనుకునే పద్ధతి. అక్కడ పై అంకెలో ఈ నెల ఖర్చు మాత్రమే ఉండాలి. భారిత సగటు పద్ధతిలో పాత ఖర్చు కూడా పై అంకెలో చేరుతుంది. కాబట్టి పాత పని కింది అంకెలోకి రావాలి. ఒక ఉదాహరణతో చూద్దాం.

ప్రారంభ అసంపూర్తి సరుకు 2,000 యూనిట్లు. ముడిసరుకు పూర్తిగా పడింది, మార్పిడి పని (అంటే కూలి, ఓవర్‌హెడ్‌లు) 25 శాతం అయింది. ఈ నెల కొత్తగా మొదలైనవి 8,000. పూర్తయి తర్వాతి విభాగానికి వెళ్లినవి 7,000. మిగిలిన 3,000లో ముడిసరుకు పూర్తిగా ఉంది, మార్పిడి 40 శాతం అయింది.

ముడిసరుకు ఖర్చు పాతది 10,400, ఈ నెలది 39,600, మొత్తం 50,000. మార్పిడి ఖర్చు పాతది 1,700, ఈ నెలది 22,900, మొత్తం 24,600.

ముడిసరుకుకు తుల్య యూనిట్లు 7,000 + 3,000, అంటే 10,000. యూనిట్‌కు 5. మార్పిడికి 7,000 + 1,200, అంటే 8,200. యూనిట్‌కు 3. పూర్తయిన 7,000 యూనిట్లు ఒక్కొక్కటి 8 చొప్పున 56,000. మిగిలిన సరుకు 15,000 + 3,600, అంటే 18,600. రెండూ కలిపితే 74,600. మనం మొదట పెట్టిన మొత్తం ఖర్చూ అదే.

ప్రారంభ సరుకు 25 శాతం అయిందన్న సంగతి ఇందులో ఎక్కడా వాడలేదు, గమనించండి.

పరీక్షకు చదువుతున్నాను: నా పద్ధతిలో చేసి చూశాను. మిగిలిన పని 1,500, పూర్తిగా ఈ నెలవే 5,000, చివరివి 1,200. మొత్తం 7,700. 24,600ను 7,700తో భాగిస్తే 3.195 వచ్చింది. పెద్ద తేడా అనిపించలేదు.

కాస్ట్ అకౌంటెంట్: ఆ రేటుతో సరుకుకు ఖర్చు వేసి చూడండి. 7,000కూ 1,200కూ కలిపి దాదాపు 26,197 అవుతుంది. పెట్టిన ఖర్చు 24,600 మాత్రమే. 1,597 ఎక్కువ పంచారు. అది ఎక్కడి నుంచి వచ్చిందంటే, గత నెల అయిపోయిన 500 యూనిట్ల పనిని మీరు కింది అంకెలోంచి తీసేశారు, దాని ఖర్చును మాత్రం పైన ఉంచారు. 500ను 3.195తో గుణించండి, ఆ తేడాయే వస్తుంది.

పరీక్షకు చదువుతున్నాను: వచ్చింది. అయితే ఆ 25 శాతం ప్రశ్నలో ఎందుకు ఇస్తారు? వాడనిదాన్ని ఇవ్వడం ఎందుకు?

కాస్ట్ అకౌంటెంట్: ఫిఫోతో చేయమన్నప్పుడు కావాలి కాబట్టి ఇస్తారు. కానీ భారిత సగటులోనూ అది పూర్తిగా లేకుండా పోలేదు. పాత సరుకులో మార్పిడి రేటు 1,700ను 500తో భాగిస్తే 3.40. ఈ నెల రేటు 22,900ను 7,700తో భాగిస్తే సుమారు 2.97. ఈ రెండింటికీ మామూలు సగటు తీస్తే 3.19 వస్తుంది, అది తప్పు. 500, 7,700లను భారాలుగా పెడితే సరిగ్గా 3 వస్తుంది. మనం విడిగా రాయకపోయినా పాత పని ఒక భారంగా లోపల ఉంది.

నిఘంటువు మిత్రుడు: ఇది నాకు చాలా నచ్చింది. తులలో తూచేది భారాన్నే. ‘భారిత సగటు’, ‘తుల్య యూనిట్లు’ రెండూ ఒకే త్రాసు దగ్గరికి వచ్చాయి.

ఫ్యాక్టరీ లెక్కలు చూస్తాను: నా సందేహం వేరు. నేను చూసేది రెండో విభాగం. మొదటి విభాగం నుంచి వచ్చిన సరుకు ఖర్చును కూడా మేం పని అయిన శాతంతోనే లెక్కించేవాళ్లం. సంఖ్యలు పై ఉదాహరణలోవే అనుకోండి. పాత 2,000 మాకు వచ్చిన ఖరీదు 12 చొప్పున, కొత్త 8,000 మాకు వచ్చింది 12.375 చొప్పున. మొత్తం 1,23,000. దాన్ని 8,200తో భాగించాం, 15 వచ్చింది. పంచిన మొత్తం కూడా సరిపోయింది. అందుకే చాలా కాలం ఎవరికీ అనుమానం రాలేదు.

కాస్ట్ అకౌంటెంట్: మొత్తం సరిపోవడం వల్లే ఈ తప్పు దొరకదు. కానీ 12కూ 12.375కూ సగటు 15 ఎలా అవుతుంది? సగటు ఎప్పుడూ ఆ రెంటి మధ్యే ఉండాలి. మీ విభాగంలో అడుగుపెట్టే నాటికే ముందటి విభాగం ఖర్చు ఆ వస్తువు మీద పూర్తిగా పడి ఉంది, దానికి ఎప్పుడూ నూరు శాతమే. 10,000తో భాగిస్తే 12.30. మీరు చేసినట్టు చేస్తే పూర్తయిన సరుకు మీద భారం ఎక్కువ పడుతుంది, మిగిలిన 3,000 యూనిట్ల విలువ తక్కువగా కనిపిస్తుంది. ఇందాకటి తప్పులో వచ్చిన 3.195 మాత్రం రెండు రేట్ల మధ్యే ఉంది, దాన్ని పట్టించింది మొత్తం సరిచూడడమే. కాబట్టి రెండు పరీక్షలూ చేయాలి.

ఫ్యాక్టరీ లెక్కలు చూస్తాను: అర్థమైంది. ఇంకో ఇబ్బంది ఉంది. ఆ 40 శాతం చెప్పేది పని చేయించే మనిషి. నెలనెలా తిరుగుతూ చూసి ఒక అంకె చెబుతాడు. ఒకసారి 40, ఒకసారి 60. సరుకు చూస్తే నాకు ఒకేలా కనిపిస్తుంది.

కాస్ట్ అకౌంటెంట్: 60 అంటే కింది అంకె 8,800 అవుతుంది, మార్పిడి రేటు 3 నుంచి 2.80కి దగ్గరగా దిగుతుంది. పూర్తయిన 7,000 మీద దాదాపు 1,430 తగ్గి, మిగిలిన సరుకులోకి వెళుతుంది. మా దగ్గర పనిని అంచెలుగా విడదీసి, ఒక్కో అంచెకు ఒక శాతం ముందే రాసిపెట్టాం. అయినా రెండు అంచెల మధ్య ఉన్నదాన్ని ఏమనాలో ఇప్పటికీ వాదన జరుగుతూనే ఉంటుంది.

పాఠం రాస్తున్నావిడ: ‘తుల్య యూనిట్లు’ ఖాయం చేస్తున్నాను. ‘ఓపెనింగ్ వర్క్ ఇన్ ప్రోగ్రెస్’కు ‘ప్రారంభ అసంపూర్తి సరుకు’ అని పైన వాడారు, అదీ బాగుంది.

నిఘంటువు మిత్రుడు: ‘అసంపూర్తి’ నాకు పూర్తిగా నచ్చలేదు. అది పని ఆగిపోయిందన్నట్టు వినిపిస్తుంది. ‘నడుస్తున్న పని’ అంటే?

ఫ్యాక్టరీ లెక్కలు చూస్తాను: మా దగ్గర ‘పనిలో ఉన్న సరుకు’ అంటాం.

పాఠం రాస్తున్నావిడ: అదైతే విద్యార్థులకు విప్పి చెప్పనక్కరలేదు. కానీ ‘ప్రారంభ’ అని ముందు చేరిస్తే ‘ప్రారంభ పనిలో ఉన్న సరుకు’ అవుతుంది, అర్థం మారిపోతోంది. ‘నెల మొదట పనిలో ఉన్న సరుకు’ అని విడదీసి రాయాలేమో. పట్టిక శీర్షికలో మాత్రం ఎలా పట్టిస్తానో తెలియడం లేదు.